ఇంటిపెద్ద సంతకం

మా మందుబిళ్ళల ప్యాకింగ్ కంపెనీలో ఆడవాళ్ళకు నైట్ షిఫ్ట్ పెడుతున్నారని తెలిసిన మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఎవరూ రెండోసారి అన్నం పెట్టించుకోలేదు. మామూలుగా మేం భోజనానికి కూర్చున్నామంటే పైన రేకులు అదురుతాయి, కిటికీల్లో పిట్టలు ఊరు ఖాళీ చేస్తాయి. ఆ రోజు మాత్రం ఎవరో పచ్చడి డబ్బా మూత తిప్పితే ఆ చప్పుడు సాగర్ రోడ్డు దాకా వినిపించింది.

మేనేజర్ సారు లేచి నిలబడ్డాడు. ఆయనకు మైకు అక్కర్లేదు. ఆయన దగ్గితే ఇబ్రహీంపట్నం బస్టాండులో కండక్టర్లు రైట్ రైట్ అంటారు.

"ఎవ్వలను బలవంతం జెయ్యం. ఇష్టమున్నోళ్ళే రావాలె. రాను అంటే నౌకరి తియ్యం, జీతం కొయ్యం," అన్నాడు.

"సారూ, గీ మాట పోయిన దసరాకు ఓవర్‌టైం చేయించినప్పుడు ఏడ వెట్టినవ్?" అని వెనక నుంచి ఒక గొంతు. అప్పుడు కాస్త ఊపిరి వచ్చింది అందరికీ.

రాత్రి ఏడు దాటాక, పొద్దున ఆరు కొట్టేలోపు ఆడవాళ్ళతో పని చేయించాలంటే సర్కారు పెట్టిన షరతులు చాలా ఉన్నాయట. ఆయన ఒక్కొక్కటే చదువుతూ పోయాడు. పనిచేసే ఆమె రాసి ఇచ్చిన సమ్మతి ఉండాలి. ఇంటి దగ్గర ఎక్కించుకుని ఇంటి దగ్గరే దింపడానికి బండి ఉండాలి, బండిలో కాపలా మనిషి ఉండాలి. కడుపుతో ఉన్నవాళ్ళను, కొత్తగా కన్నవాళ్ళను పిలవకూడదు. ఒక్క ఆడమనిషిని ఒంటరిగా మిషను దగ్గర నిలబెట్టకూడదు, గుంపుగానే ఉండాలి. కెమెరాలు, విశ్రాంతి గది, గేటు దగ్గర ఆడ గార్డులు, ఏదన్నా జరిగితే చెప్పుకోవడానికి కమిటీ. ఇవన్నీ పెట్టారు కూడా, అబద్ధం ఎందుకు. లైట్లయితే ఎన్ని పెట్టారంటే నాదర్‌గుల్‌లో విమానం నేర్చుకునే పిల్లగాళ్ళు మా కాంపౌండును చూసి రన్‌వే అనుకుని దిగిపోతారేమోనని మేం ఆకాశం వైపు చూస్తూ నడిచేవాళ్ళం.

ఒక షరతు దగ్గర మాత్రం అందరం ఆగిపోయాం. ఏ ఆడమనిషినీ అందరికంటే ముందు ఎక్కించుకుని అందరికంటే చివర దింపకుండా, వీలైనంత వరకు, దారి వేసుకోవాలట.

"ఎవలో ఒకలు చివరికి దిగాలె గద సార్?" అన్నాను నేను. "లేకుంటె డ్రైవరన్న బండిని మాతోనే ఇంటికి తీస్కపోవాలె, ఆయన పెండ్లాం మమ్మల్ని గుంజకు కట్టేస్తది."

"అందుకేనమ్మా బండ్ల గార్డమ్మ. చివరామె దిగేదాంక గార్డమ్మ కూసుంటది," అన్నాడు సారు.

చివరామె ఎవరో అక్కడున్న అందరికీ తెలుసు. బెల్టు మీద నా పక్కనే కూర్చుని స్ట్రిప్పులు లెక్కచూసే మనిషి. మంచాల బస్టాపు దాటి ఇంకా లోపలికి పోవాలి ఆమె ఊరికి. ఆ ఊరి తర్వాత రోడ్డుకు కూడా పోబుద్ధి కాక ఆగిపోయింది. నాకంటే చిన్నది, నేను చెల్లె అంటాను, తను అక్కా అంటుంది. మా ఇద్దరికీ రక్తసంబంధం లేదు, టిఫిన్ డబ్బా సంబంధం ఉంది, అది ఇంకా గట్టిది.

అందరికంటే ముందు చెయ్యెత్తింది తనే.

ఎందుకంటే, ఆ మధ్యనే చెల్లె తన తల్లిని తెచ్చి దగ్గర పెట్టుకుంది. ఆ ముసలామెకు ఈమె తప్ప ఎవరూ లేరు. మతిమరుపు మొదలైంది. మొదట పొయ్యి మీద పాలు మరిచింది, తర్వాత ఇంటి దారి, తర్వాత మనుషులు. చూసిన డాక్టరు ఒక్క మాట చెప్పాడట: "మందుతో నయమయ్యేది గాదమ్మా. అలవాటైన మొఖం కండ్ల ముందట ఉంటె ఆ ఒక్కటి ఎక్కువ రోజులు నిలుస్తది." చెల్లె ఆ మాటను మందు చీటీకంటే భద్రంగా దాచుకుంది. రాత్రి ముసలామె మాత్ర వేసుకుని మొద్దులా నిద్రపోతుంది, ఇంటర్ చదివే మనవరాలు పక్కన పడుకుంటుంది. పగలే ఎవరూ లేరు. పిల్ల కాలేజీకి పోతుంది, మొగుడు లారీ మీద దేశాలు తిరుగుతాడు. పగటి షిఫ్టుకు సెలవుల మీద సెలవులు పెట్టి, ఇక పని మానేస్తానని చెప్పడానికి వచ్చిన రోజునే ఈ మీటింగు జరిగింది.

"అక్కా, పగలంత అవ్వ ముంగట ఉండొచ్చు," అంది నా చెయ్యి పట్టుకుని; తల్లిని అవ్వ అనే పిలుస్తుంది. "నన్నొక్కదాన్ని మరిచిపోకుంటె సాలు. ఇగ లోకమంత మరిచిపోనీ."

సమ్మతి పత్రాలు మరునాడు వచ్చాయి. హెచ్.ఆర్. సారు తయారు చేశాడు. పెద్ద అంబర్‌పేట్ నుంచి వస్తాడు, చిన్న వయసు, ఎంత జాగ్రత్త మనిషంటే చాయ్ తాగే ముందు చాయ్ దగ్గర కూడా రసీదు అడుగుతాడు. పత్రంలో కింద మా సంతకానికి ఒక గీత. దాని కింద ఇంకో గీత: ఇంటిపెద్ద సంతకం.

ఆ రెండో గీత సర్కారుది కాదు. రేపు ఏ మొగుడో మామో గేటు ముందు పంచాయితీ పెడితే కంపెనీకి అడ్డం ఉంటుందని ఆయన సొంతంగా గీసుకున్నది. కానీ మాలో ఎవరం అడగలేదు. మా వైపు ఏ కాగితం మీదనైనా ఆడదాని పేరు పక్కన తండ్రో భర్తో అని ఉంటుంది కదా, ఇదీ అదే జాతి అనుకున్నాం.

మా ఇంటిపెద్ద అయితే ఆ సంతకం కోసం తలస్నానం చేశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మూడు పెన్నులు గీసి చూసి, ఏదీ తన హోదాకు సరిపోవడం లేదన్నట్టు మొహం పెట్టాడు.

"నేను పర్మిషన్ ఇస్తున్న," అన్నాడు.

"పెండ్లయిన కాన్నించి మొదటిసారి నీకు పర్మిషన్ ఇచ్చే మోఖ దొరికింది. జర తొందరగా ఇయ్యి, కూర మాడుతున్నది," అన్నాను.

చెల్లె మొగుడు అప్పుడు నాగపూర్ అవతలెక్కడో ఉన్నాడు. కాగితం వెంటనే ఇవ్వాలి. అందుకని మొగుడి అన్న దగ్గరికి పోయింది. ఆ బావది పక్క ఇల్లే. చెలక నమ్ముకున్న రైతు, మాట తక్కువ మనిషి. కాగితం మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివాడట.

"బండ్ల గార్డు ఉంటదని రాసిండ్రు. ఉంటదా?"

"ఉంటది బావా."

"ఉంటె మంచిదే," అని సంతకం పెట్టాడు.

తర్వాత నడిచిన రోజులు నిజంగా బాగున్నాయి. సాయంత్రం చీకటి పడ్డాక బండి ముందు చెల్లెను ఎక్కించుకునేది, పక్కన గార్డమ్మ. గార్డమ్మ ఎంత బలమైన మనిషంటే ఆమె ఎక్కగానే బండి ఒకసారి మోకాళ్ళ మీద కూర్చుని లేచేది. నన్ను ఇబ్రహీంపట్నంలో ఎక్కించుకునేవాళ్ళు. పొద్దున నేను ముందు దిగిపోయేదాన్ని. చెల్లె ఇల్లు చేరి ఒక కునుకు తీసి, లేచి తల్లి ముందు కూర్చునేది.

ఒకసారి ఆదివారం వాళ్ళింటికి పోయాను. తల్లీ కూతుళ్ళు వాకిట్లో చాట ముందు పెట్టుకుని అనపకాయలు ఒలుస్తున్నారు. ముసలామె నన్ను చూసి, "అన్నం తిన్నవా?" అంది. తినలేదంటే పెట్టింది. చెయ్యి కడుక్కోగానే, "అన్నం తిన్నవా?" అంది మళ్ళీ. తిన్నానంటే నమ్మలేదు. ఆ రోజు నేను తిన్నది లెక్కేస్తే మంచాల మండలానికి వారం రోజుల రేషన్. పేరు మరిచింది, పొద్దును మరిచింది, నన్ను అయిదు నిమిషాలకోసారి మరిచింది. కానీ చెల్లె లేచి లోపలికి పోతే చాలు, మెడ తిప్పి చూసేది. "నా బిడ్డేది?" అనేది. రాగానే మళ్ళీ అనపకాయల మీద పడేది. చెల్లె నా వైపు చూసి కళ్ళతోనే చెప్పింది, చూశావా అక్కా అని.

పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. గార్డమ్మ తన అన్న కూతురి పెళ్ళికి పోయింది. ఆమె బదులు ఇంకొకరిని పంపాలి కదా, గార్డులను పంపే ఏజెన్సీ పంపలేదు. హెచ్.ఆర్. సారు "కొద్ది రోజులే కదమ్మా" అన్నాడు. నియమాలన్నీ తెలిసిన మనిషి ఆ కొద్ది రోజులు మాత్రం కళ్ళు మూసుకున్నాడు. పొద్దున అందరం దిగిపోయాక మంచాల నుంచి ఊరి దాకా చెల్లె ఒక్కతే. డ్రైవరన్న మంచివాడే, ఆ దారంతా గట్టిగా భజన పాటలు పెట్టేవాడట, తాను ఎలాంటి మనిషో ఆమెకు తెలియాలని. చెల్లె కంప్లైంట్ ఇవ్వలేదు. నేను ఇద్దామంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దక్కా. గీ వంకతోని నైటే బంద్ చేస్తె నేనేడ పోవాలె?"

పాల క్యాను పట్టుకుని రోడ్డు మీదికి వచ్చిన బావ చూశాడు. బండి ఆగడం, ఖాళీ బండిలోంచి తమ్ముడి భార్య ఒక్కతే దిగడం.  ఆ మధ్యాహ్నమే తన మోటర్‌సైకిల్ స్టార్ట్ చేసుకుని కంపెనీకి వచ్చాడు. చెల్లెకు ఫోను పోయింది. నేను కమిటీలో ఉన్నానని నన్నూ పిలిచారు. కమిటీ అంటే ఏదో అనుకునేరు, గోడకు మా పేర్లతో ఒక బోర్డు, అది చాలాసార్లు క్యాలెండర్ వెనక ఉండేది.

బావ కుర్చీలో కూర్చోలేదు.

"నా సంతకం నాకు వాపస్ ఇయ్యుండ్రి," అన్నాడు.

"అన్నా, సంతకం వాపస్ ఇచ్చేది గాదు..." అన్నాడు హెచ్.ఆర్. సారు.

"అట్లయితె కొట్టెయ్యుండ్రి. గార్డు ఉంటదని చదివి పెట్టిన నేను. లేదు. ఇగ నా సంతకమెట్ల ఉంటది?"

ఆ మాటలో తప్పేమీ లేదు. అదే నా ఏడుపు. నేను అడ్డం పడ్డాను: "బావా, గార్డును పెట్టమని కొట్లాడు, నేనూ నీ ఎంట నిలవడ్త. పిల్లను ఎందుకు ఆపవడ్తివి?"

"పెట్టమను. నాకేమన్న నొప్పా?"

"ఏజెన్సీతోని మాట్లాడుతున్నం. అప్పటిదాంక ఆమెను డే షిఫ్ట్‌కు మారుస్తం," అన్నాడు సారు, ఎవరికీ ఇబ్బంది లేని మంచి దారి దొరికినట్టు.

చెల్లె అప్పటిదాకా తలుపు దగ్గరే నిలబడి ఉంది. "సార్, కాయితం మీద నాది గూడ సంతకముంది గద," అంది.

"ఉందమ్మా. కానీ రెండూ ఉంటెనే చెల్లుతది."

నా నోటికి ఎప్పుడూ సమాధానం కరువు కాదు. మేనేజర్ దగ్గును కూడా మధ్యలో ఆపిన నోరు ఇది. ఆ గదిలో మాత్రం అది పనిచేయలేదు. ఆ గీత సర్కారుదే అనుకున్నాను నేను కూడా.

బయట చెట్టు కింద బావ చెల్లెతో అన్నాడు: "నా తమ్ముడు లేడు. రేపు ఏమన్నయితె ఊరికి జవాబు నేను చెప్పాలె బిడ్డా."

"మా అవ్వకెవరు చెప్తరు బావా?"

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. చెమట ఏమీ లేదు ఆ రోజు.

ఇంకో సంగతి చెప్పాలి. ఒక షిఫ్టు నుంచి ఇంకో షిఫ్టుకు మార్చేటప్పుడు మధ్యలో మనిషికి పన్నెండు గంటల విశ్రాంతి ఇవ్వాలని ఒక నియమం ఉంది. దాన్ని మాత్రం హెచ్.ఆర్. సారు తు.చ. తప్పకుండా పాటించాడు.

పగటి షిఫ్టుకు కంపెనీ బండి లేదు. మొదటి బస్సు అందుకోవాలంటే తల్లి లేవకముందే బయలుదేరాలి. సాయంత్రం ఇబ్రహీంపట్నంలో బస్సు కోసం నిలబడి, మంచాలలో దిగి, ఆటో నిండేదాకా కూర్చుని ఇల్లు చేరేసరికి ముసలామె మాత్ర వేసుకుని పడుకుని ఉండేది. పగలంతా తలుపుకు బయట గొళ్ళెం. ఎదురింటి పెద్దామె మధ్యలో వచ్చి అన్నం పెట్టి పోయేది. మనవరాలు కాలేజీ మానేస్తానంది. "నోరు మూసుకొని చదువుకో" అందట చెల్లె, ఆ తర్వాత ఇద్దరూ చెరో గోడకు తిరిగి ఏడ్చారట.

నేను నైట్‌లోనే ఉండిపోయాను. నేను బయటికి వచ్చే వేళకు తను లోపలికి వచ్చేది. మా అక్కాచెల్లెళ్ళ సంబంధం గేటు దగ్గర బ్యాగు తనిఖీ చేసినంత సేపే. ఒక సోమవారం పొద్దున నా ముందు ఆగింది.

"నిన్న ఆదివారం గద, పగలంత ఇంట్లనే ఉన్న అక్కా. అవ్వ నన్ను 'అమ్మా' అన్నది."

"మంచిదే గద, తల్లిగ చూస్కున్నది నిన్ను," అన్నాను. నా జోకులకు తను ఎప్పుడూ నవ్వేది.

"గట్ల గాదక్కా. బయటోళ్ళను పిల్చినట్టు పిలిచింది. 'కూసో అమ్మా, ఏ ఊరు మీది' అన్నది."

వెనక వాళ్ళు తోస్తున్నారు. బండి కదిలేదాకా గేటు దగ్గర నిలబడే గార్డమ్మ బ్యాగు చూసి పంపించింది. అవును, గార్డమ్మ పెళ్ళి నుంచి ఎప్పుడో తిరిగి వచ్చింది. కానీ బండి ఇక మంచాల దాకానే పోతోంది. దాని అవతల ఎక్కేవాళ్ళు లేరని దారి కుదించారు. బావ కూడా రెండోసారి సంతకానికి రాలేదు, ఎవరూ ఆయనను అడగలేదు. చెల్లె అడిగితే, "మీ ఆయన రానీ, ఆయనే పెడ్తడు" అన్నాడట. ఆ లారీ దేశంలో ఎక్కడ సరుకు ఉంటే అక్కడికి పోతూనే ఉంది.

చలికాలం మొదలయ్యాక ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ మేడం తనిఖీకి వచ్చింది. కెమెరాలు చూసింది, విశ్రాంతి గదిలో మంచం నొక్కి చూసింది, బండి రిజిస్టర్ చూసింది. కమిటీని పిలిచింది. క్యాలెండర్ తీసి బోర్డు చూపించాం. సమ్మతి పత్రాల కట్ట విప్పి రెండు కాగితాలు తిప్పి ఆగింది.

"ఈ ఇంటిపెద్ద ఎవరు?"

హెచ్.ఆర్. సారు చెప్పాడు, ఎక్స్‌ట్రా సేఫ్టీ కోసం మేడం అని.

"ఎవరి సేఫ్టీ? సమ్మతి పనిచేసే మనిషిది. ఆమె ఇస్తే వస్తది, ఆమె వద్దంటే ఆగుతది. మధ్యలో ఇంకొకరు ఎట్లొస్తరు?"

అప్పుడు నా నోరు తిరిగి వచ్చింది. చెల్లె సంగతి అంతా చెప్పాను. గార్డు లేని రోజుల సంగతీ చెప్పాను. మేడం వింటూ రాసుకుంది. "గార్డును పెట్టకుండ ఆమెను తీసేసిన్రా?" అంది సారు వైపు చూసి. ఆయన చెవులు ఎంత ఎర్రబడ్డాయంటే... లేదు, మామూలుగానే ఎర్రబడ్డాయి. కంపెనీకి నోటీసు వచ్చింది. కొత్త పత్రాలు వచ్చాయి, ఒకటే గీతతో. బండి మళ్ళీ చివరి ఊరి దాకా వేశారు.

చెల్లె ఆ ఒక్క గీత మీద సంతకం పెట్టింది. నేను ఆ రోజు స్వీట్లు పంచాను. బావ కూడా ఎదురొచ్చి అడిగాడట: "నా సంతకం అవసరం లేదంట గద. మంచిదే. గార్డు ఉన్నదా?" ఉందని చెప్పిందట. తలూపి పోయాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి పోయాను. గొళ్ళెం లేదు, తలుపు తెరిచే ఉంది. ముసలామె మంచం మీద కూర్చుంది, ముందు పీట మీద చెల్లె. రాత్రంతా పనిచేసి వచ్చిన మొహం, నిద్ర కూడా పోలేదు. తల్లి ముందే ఉండాలని. పప్పు, జొన్నరొట్టె పెట్టుకుని ఇద్దరూ తినడానికి కూర్చున్నారు.

"జర కూసో అమ్మా," అంది ముసలామె చెల్లెతో, ఎంతో మర్యాదగా. "నా బిడ్డ కంపెనీకి పోయింది. పగలు ఉండదు. తలుపు ఏసి పోతది. రాత్రికి వస్తది."

చెల్లె నా వైపు చూడలేదు.

"మీ బిడ్డ ఎట్లుంటది అవ్వా?" అంది.

"మస్తు మంచిది. నన్నిడిసి ఉండదు." ముసలామె తన గిన్నెలోని పప్పులో గట్టి పప్పంతా గరిటెతో తీసి వేరే గిన్నెలో వేసింది. రెండు రొట్టెల్లో పెద్దది దాని మీద పెట్టింది. గిన్నెను తన పక్కకు, చెల్లె చేతికి అందనంత దూరం జరుపుకుంది. "ఇది ముట్టకమ్మా. నా బిడ్డకు. వచ్చేసరికి ఆకలైతది దానికి."

మూత సరిగ్గా పడలేదు. చెల్లె లేచి, మంచం అవతలికి వంగి, మూత సరిచేసింది.

"ముట్టను అవ్వా," అంది.